హాలు రెండర్: 18 మి.మీ. లెన్సులో గది సాగిపోతోంది, కిటికీ వైపు అంతా మసకబారుతోంది

శ్రావణి
అందరికీ నమస్కారం. బ్లెండర్‌లో, సైకిల్స్‌తో ఒక హాలు రెండర్ చేస్తున్నాను. ప్లాన్ ప్రకారం వెడల్పు 3.6 మీటర్లు, పొడవు 5.4 మీటర్లు, సీలింగ్ ఎత్తు 2.75 మీటర్లు. ఒక చిన్న గోడకు నిండుగా కిటికీ ఉంది. కెమెరాను దానికి ఎదురుగా ఉన్న చిన్న గోడకు ఆనించి పెట్టాను. 18 మి.మీ. లెన్సు పెడితే తప్ప సోఫా, టీవీ యూనిట్ రెండూ ఫ్రేములోకి రావడం లేదు. మనిషి బొమ్మను నిలబెట్టి దాని కంటి ఎత్తులో కెమెరా ఉంచి, నేల కనిపించాలని కాస్త కిందికి వంచాను. f/2.8 పెట్టి, Focus on Object దగ్గర సోఫాను ఎంచుకున్నాను.

బొమ్మ చూసిన ఇంటివారు మా హాలు ఇంత పొడుగ్గా ఉండదు అన్నారు. సోఫా చేయి ఫ్రేము అంచున రబ్బరులా సాగింది. తలుపు చట్రాలు కిందికి వచ్చేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. అన్నిటికంటే బాధగా ఉన్నది, గది మొత్తం బల్ల మీద పెట్టిన నమూనాలా కనిపించడం. లెన్సు, ఎత్తు, ఫోకస్ లోతు, ఈ మూడింటిలో మీరు ముందు దేన్ని తేల్చుకుంటారు?

ప్రకాష్ వి
లెన్సుతోనే మొదలుపెట్టండి. మనిషి కన్ను చూసేది 50 మి.మీ. లెన్సు చూపుకు దగ్గరగా ఉంటుంది. 18 వాడితే పర్‌స్పెక్టివ్ సాగడం ఖాయం. 50 పెట్టండి, గది సహజంగా వస్తుంది. ఎత్తు మాత్రం మీరు పెట్టినదే సరైనది. మనం గదిని నిలబడి చూస్తాం కదా.

పాతలెన్సు
ప్రకాష్ గారూ, 18 దగ్గర గది సాగినట్లు కనిపిస్తుందన్నది నిజమే, కారణం మాత్రం లెన్సు కాదు. కెమెరా ఉన్న చోటు మారకుండా 18తో ఒకటి, 50తో ఒకటి రెండర్ చేయండి. 18 బొమ్మ నడిమి భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తే అచ్చంగా 50 బొమ్మే వస్తుంది. దగ్గరివి, దూరానివి ఒకదానితో ఒకటి ఏ నిష్పత్తిలో కనిపించాలో తేల్చేది కెమెరా ఎక్కడ ఉందన్నదే. అక్కడి నుంచి ఎంత మేర చూపించాలో మాత్రమే లెన్సు చెబుతుంది.

శ్రావణి గారి గదిలోనే లెక్క వేసి చూద్దాం. 36 మి.మీ. సెన్సార్ మీద ఎంత వెడల్పు కనిపిస్తుందో తెలియాలంటే 36ను లెన్సుతో భాగించి దూరంతో గుణిస్తే చాలు. కెమెరా గోడకు 10 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. సోఫా దగ్గరి చేయి వెనుక గోడ నుంచి 2 మీటర్ల దూరంలో ఉంటే, అది కెమెరాకు 1.9 మీటర్లలో, కిటికీ గోడ 5.3 మీటర్లలో ఉన్నట్లు. అంటే ఒకే కొలత ఉన్న రెండు వస్తువుల్లో సోఫా దగ్గర ఉన్నది కిటికీ దగ్గర ఉన్నదాని కంటే 2.8 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇంటివారు పొడుగ్గా ఉందన్నది ఈ తేడాను చూసే.

ఇప్పుడు కెమెరాను గోడకు అవతలికి, లోపలి అంచు నుంచి 1.2 మీటర్ల వెనక్కి జరపండి. సోఫా చేయి 3.2 మీటర్లలోకి, కిటికీ గోడ 6.6 మీటర్లలోకి వెళ్తాయి. నిష్పత్తి 2.1కి తగ్గుతుంది. ఇక్కడి నుంచి 28 మి.మీ. సరిపోతుంది. 18తో మీకు పక్క గోడలు వెనుక గోడ నుంచి 1.9 మీటర్ల తర్వాతే ఫ్రేములోకి వస్తున్నాయి. వెనక్కి జరిగి 28 పెడితే 1.6 మీటర్ల నుంచే వస్తాయి. చూపు ఇరుకవుతుందనుకునే లెన్సుతో గది ఇంకాస్త ఎక్కువే కనిపిస్తుంది. కిటికీ గోడ కూడా ఫ్రేము వెడల్పులో మూడోవంతు నుంచి నూటికి 42 వంతుల దాకా పెరుగుతుంది. గది పొడవు తగ్గినట్లు అనిపించేది అందువల్లే.

అంచుల సంగతి వేరు. అది నిజంగానే లెన్సు వెడల్పుతో వచ్చేది. 18 దగ్గర ఫ్రేము అంచున ఉన్న గుండ్రటి దీపం 1.41 రెట్లు అడ్డంగా సాగుతుంది, 28 దగ్గర 1.19 రెట్లే. ఏ లెన్సు వాడినా గుండ్రటి వస్తువులను, కుర్చీలను అంచులకు దూరంగా సర్దుకోవడం మంచిది.

శ్రావణి
నిష్పత్తి లెక్క చూశాక విషయం స్పష్టమైంది. కానీ గోడకు అవతలి నుంచి చూస్తే గోడే అడ్డు వస్తుంది కదండీ. ఇంతకుముందు ఒకసారి వెనుక గోడను తీసేశాను. గదిలోకి బయటి ఆకాశం వెలుగంతా వచ్చి, కిటికీ నుంచి పడే కాంతికి ఉన్న అందమంతా పోయింది.

పాతలెన్సు
గోడను తీసేయకండి. ఆ గోడ కాంతిని ఆపాలి, తన మీద పడినదాన్ని గదిలోకి తిరిగి పంపాలి. కెమెరాకు మాత్రమే అది కనిపించకూడదు. బ్లెండర్‌లో రెండు దారులున్నాయి. మొదటిది కెమెరా సెట్టింగుల్లోని `Clip Start`. మీ విషయంలో 1.25 మీటర్లు ఇస్తే కెమెరా నుంచి బయలుదేరే కిరణాలు గోడ దాటాకే మొదలవుతాయి. కాంతి లెక్కలో మాత్రం గోడ యథాతథంగా ఉంటుంది. రెండోది, గోడను ఎంచుకుని ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో `Ray Visibility` కింద `Camera` టిక్కు తీసేయడం.

కెమెరా గోడకు నిటారుగా చూస్తున్నప్పుడు మొదటిది చాలు. మూల నుంచి ఏటవాలుగా చూస్తుంటే ఆ కోత పక్క గోడను, దగ్గరి సామానును అడ్డదిడ్డంగా నరికేస్తుంది. అప్పుడు రెండోది వాడండి. దానికి గోడ విడి ఆబ్జెక్ట్‌గా ఉండాలి. నాలుగు గోడలూ ఒకే మెష్ అయితే ముందు దాన్ని వేరు చేసుకోండి. ఆ గోడకు తగిలించిన పటాలు, స్కర్టింగ్, స్విచ్ బోర్డులకు కూడా టిక్కు తీయడం మరిచిపోవద్దు. గోడ మాయమై స్విచ్ బోర్డు గాలిలో వేలాడుతున్న రెండర్లు నేను చాలా చూశాను.

నిర్మల ఆర్కిటెక్ట్
ఈ పద్ధతితో నాకు పేచీ ఉంది. ఆ చోట మనిషి నిలబడలేడు. గోడలోంచి చూసే చూపును చూపించి ఇది మీ హాలు అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. నేను 24 దాటి వెడల్పుకు పోను, గది లోపలే ఉంటాను. ఫ్రేములోకి రానిదాన్ని వదిలేస్తాను, కావాలంటే రెండో బొమ్మ ఇస్తాను. 3.6 మీటర్ల గదిలో సోఫా, టీవీ యూనిట్ రెండూ ఒకే చూపులో పడకపోవడం కూడా ఆ గది గురించి ఒక నిజమే.

పాతలెన్సు
నిర్మల గారూ, మీ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. గది లోపలే ఉండి 18 వాడితే వచ్చేది ఇంకా పెద్ద అబద్ధం కాదా అన్నదే నా ప్రశ్న. మనం గదిలో నిలబడినప్పుడు తల తిప్పుతూ చూస్తాం, దూరాలను శరీరంతో కొలుస్తాం. బొమ్మకు ఆ వీలు లేదు. నేను మాత్రం ఒక హద్దు పెట్టుకున్నాను. గోడకు అవతల మీటరున్నర దాటి వెనక్కి వెళ్లను. అది దాటితే గది చదునుగా, నాటకం స్టేజీలా కనిపించడం మొదలవుతుంది.

నిర్మల ఆర్కిటెక్ట్
18 అబద్ధమన్న మాట ఒప్పుకుంటాను. గోడ దాటడం దానికి మందు అన్నది ఒప్పుకోలేను. మూల నుంచి 24తో చూస్తే సోఫా పూర్తిగా, టీవీ యూనిట్ సగం వస్తాయి. నాకు అది చాలు.

వాసు (మాడ్యులర్ కిచెన్)
ఎత్తు గురించి నాకు అనుభవమున్న మాట చెబుతాను. నేను ఎక్కువగా వంటగదులు చేస్తాను. అందరూ 1.1 మీటర్లు అంటుంటే విని అలాగే పెట్టాను, బాగా రాలేదు. గట్టు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 1.1 నుంచి చూస్తే గట్టు పైభాగం సన్నటి గీతలా అయిపోయి, ఖర్చుపెట్టి వేయించుకునే రాయి కనిపించదు. పై అల్మరాల అడుగు 1.45 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ అడుగు మాత్రం వెడల్పుగా కనిపిస్తుంది. 1.3కి పెంచితే గట్టు మీద రాయి తెలిసింది, అల్మరాల అడుగు ఇంచుమించు గీత అయింది. కాబట్టి శ్రావణి గారూ, మీరూ 1.3 పెట్టండి.

పాతలెన్సు
వాసు గారు చెప్పిన పద్ధతి చాలా సరైనది, 1.3 అన్న అంకెను మాత్రం హాలుకు తేవద్దు. ఎత్తును ఎంచుకోవడమంటే ఏ అడ్డు ఉపరితలాన్ని ఎంత తెరిచి చూపించాలో ఎంచుకోవడమే. కెమెరా ఎత్తుకు సమానంగా ఉన్న ఉపరితలం ఒక గీతగా మారిపోతుంది. దానికి పైన ఉన్నవాటి అడుగులు, కింద ఉన్నవాటి పైభాగాలు కనిపిస్తాయి.

హాలులో సోఫా కూర్చునే భాగం 43 సెంటీమీటర్ల దగ్గర, వీపు 85 దగ్గర, టీపాయ్ 40 దగ్గర ఉంటాయి. నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.65 నుంచి చూస్తే ఇవన్నీ పైనుంచి చూసినట్లు ఉంటాయి. నేల ఎక్కువై, సోఫా ముఖం కనిపించకుండా దాని నెత్తి కనిపిస్తుంది. మీరు కెమెరాను కిందికి వంచాల్సి వచ్చింది కూడా ఈ ఎత్తు వల్లే. 85కి దించితే సోఫా వీపు గీత అయి, దాని వెనుక ఉన్న నేలంతా దాక్కుంటుంది. 1.1 దగ్గర వీపు పైనుంచి కొంచెం నేల కనిపిస్తూ, కూర్చునే భాగం లోతు తెలుస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది.

కెమెరాను వంచడం పూర్తిగా మానేయండి. బ్లెండర్‌లో `Rotation X` సరిగ్గా 90 ఉండాలి. అప్పుడు తలుపు చట్రాలు వాటంతటవే నిలువుగా నిలుస్తాయి. నేల ఇంకా కావాలంటే `Shift Y`ను రుణ సంఖ్యలోకి తీసుకెళ్లండి. -0.05 ఇస్తే ఫ్రేము కిందికి జరుగుతుంది, నిలువు గీతలు చెదరవు. 28తో 1.1 ఎత్తున, 3:2 ఫ్రేములో, వంపు లేకుండా చూస్తే నేల వెనుక గోడ నుంచి 1.4 మీటర్ల దగ్గర, సీలింగ్ 2.65 మీటర్ల దగ్గర ఫ్రేములోకి వస్తాయి. నాకైతే ఈ పంపకం బాగుంటుంది, షిఫ్ట్ అవసరం పడకపోవచ్చు.

ప్రకాష్ వి
కూర్చున్న మనిషి కన్ను అన్న వాదనతో ఎత్తు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ 50ని పూర్తిగా పక్కన పెట్టడం నాకు నచ్చడం లేదు. గోడ వెనుక నుంచి 50 పెట్టినా కిటికీ గోడ, దాని ముందు సామాను చక్కగా వస్తాయి కదా.

పాతలెన్సు
వస్తాయి. 6.6 మీటర్ల దూరంలో 50 మి.మీ.కి 4.75 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, కిటికీ గోడ హాయిగా పడుతుంది. సోఫాలో ఒక మూల, పక్కన దీపం, టీపాయ్ మీద పుస్తకాలు, ఇలాంటి చిన్న చూపులకు 50 చాలా మంచి లెన్సు. గది మొత్తం చెప్పాల్సిన మొదటి బొమ్మకు మాత్రం అది చాలదు.

ఇక మసక సంగతి. శ్రావణి గారి మొదటి పోస్టులో నాకు అన్నిటికంటే అనుమానం కలిగించింది అదే. 18 మి.మీ., f/2.8, సోఫా మీద 3 మీటర్ల దూరంలో ఫోకస్ అంటే, 0.03 మి.మీ. మసకను హద్దుగా తీసుకుంటే 1.7 మీటర్ల నుంచి 13 మీటర్లు దాటేదాకా అంతా స్పష్టంగా ఉండాలి. 5.4 మీటర్ల గదిలో కిటికీ మసకబారే వీలే లేదు. మసకబారిందంటే కెమెరా తప్పు కాదు, గది కొలత తప్పు. ఒక్క పని చేయండి. తలుపును ఎంచుకుని, `N` నొక్కి, `Dimensions`లో ఎత్తు ఎంత ఉందో చెప్పండి.

శ్రావణి
చూశాను. తలుపు ఎత్తు 0.21 మీటర్లు అని ఉంది! ఈ మోడల్ వేరే సాఫ్ట్‌వేర్ నుంచి ఫైలుగా వచ్చింది. మనిషి బొమ్మను కూడా తలుపు పక్కన పెట్టి కంటితో సరిపోల్చి కుదించాను కాబట్టి తేడా తెలియలేదు. కొలత పదోవంతు అయితే మసక ఇంతగా ఎందుకు పెరుగుతుంది? అన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవయ్యాయి కదా.

పాతలెన్సు
అన్నీ చిన్నవయ్యాయి, లెన్సు రంధ్రం తప్ప. 18 మి.మీ., f/2.8 అంటే రంధ్రం వ్యాసం 6.4 మి.మీ. మీ గది పదోవంతుకు కుదించుకుపోయినా ఆ రంధ్రం 6.4 గానే ఉంది. అసలు గదిలో 64 మి.మీ. రంధ్రం పెట్టి చూసినట్లు అయింది. సోఫా కెమెరాకు 30 సెంటీమీటర్లలో ఉంది, స్పష్టంగా ఉన్నది 28 నుంచి 32 సెంటీమీటర్ల దాకానే. అసలు కొలతల్లో చెప్పాలంటే అర మీటరు కంటే తక్కువ. చిన్న నమూనాలను దగ్గరి నుంచి ఫొటో తీస్తే వచ్చే మసక సరిగ్గా ఇలాగే ఉంటుంది. బల్ల మీది నమూనాలా ఉందని మీ కన్ను పట్టుకున్నది అదే.

అన్నిటినీ, కెమెరాతో సహా, ఒకే కేంద్రం నుంచి 10 రెట్లు పెంచి, `Ctrl+A`తో మెష్‌లకు స్కేల్ ఖాయం చేయండి. సూర్యుడు, ఆకాశం వెలుగు మారవు. గదిలోని ఏరియా లైట్లు, పాయింట్ లైట్లు మాత్రం బాగా తగ్గినట్లు కనిపిస్తాయి. దూరం 10 రెట్లు పెరిగింది కాబట్టి వాటి వాట్లు 100 రెట్లు చేయాలి. నేను చెప్పిన 1.25 `Clip Start` కూడా స్కేల్ సరిచేశాకే ఇవ్వండి. ఇప్పుడే ఇస్తే గది మొత్తం మాయమవుతుంది.

వాసు (మాడ్యులర్ కిచెన్)
నేను కెమెరాలో ఫోకస్ లోతు ఎప్పుడూ ఆపేస్తాను. రెండర్ అయ్యాక డెప్త్ పాస్ తీసుకుని తర్వాత మసక వేస్తే ఎంత కావాలో అంత వేసుకోవచ్చు, మళ్లీ రెండర్ చేయనక్కర్లేదు.

హేమ రెండర్స్
అద్దం ఉన్న గదిలో అది దెబ్బతింటుంది వాసు గారూ. డెప్త్ పాస్‌లో నమోదయ్యేది అద్దం ఉపరితలం దూరం మాత్రమే. అద్దంలో కనిపించే కిటికీకి అసలు దూరం, కెమెరా నుంచి అద్దానికి, అద్దం నుంచి కిటికీకి కలిపి. నిజమైన కెమెరాలో అద్దం చట్రం స్పష్టంగా ఉండి, లోపలి ప్రతిబింబం మసకగా ఉండొచ్చు. డెప్త్ పాస్‌తో వేస్తే రెండూ ఒకేలా మసకబారి, ప్రతిబింబం గోడకు అంటించిన కాగితంలా కనిపిస్తుంది. గాజు గ్లాసులకూ ఇదే ఇబ్బంది. వంటగదిలో మీకు తెలియకపోవడానికి అక్కడ అద్దాలు తక్కువ కావడమే కారణం అనుకుంటాను.

ఇంకొక మాట. నేను వాడేది 3ds Maxలో V-Ray. అక్కడ ఫిజికల్ ఎక్స్‌పోజర్ పెట్టుకుంటే f సంఖ్య వెలుగును కూడా మారుస్తుంది. 8 నుంచి 2.8కి వస్తే బొమ్మ 8 రెట్లు వెలుగెక్కుతుంది, షట్టర్ వేగాన్ని ఆ మేరకు పెంచుకోవాలి. బ్లెండర్‌లో f సంఖ్య మసకను మాత్రమే మారుస్తుంది. ఒకరి సెట్టింగులు ఇంకొకరు ఎత్తి రాసుకునేటప్పుడు ఇది చూసుకోవాలి.

కిరణ్ 4x5
మధ్యలో నాది ఒక ప్రశ్న. నేనూ 24 మి.మీ. వాడుతున్నాను, కానీ 4:5 నిలువు ఫ్రేములో గది ఇరుగ్గా వస్తోంది. అదే 24 అడ్డ ఫ్రేములో బాగుంది. నా కెమెరా కూడా కొలత తప్పిందా?

హేమ రెండర్స్
లేదు కిరణ్ గారూ, మీది వేరే సంగతి. బ్లెండర్‌లో `Sensor Fit` అన్నది `Auto`లో ఉంటే 36 మి.మీ.ను ఫ్రేములో పెద్ద వైపుకు ఇస్తుంది. నిలువు ఫ్రేములో అది ఎత్తుకు పోయి, వెడల్పుకు 28.8 మి.మీ. మిగులుతుంది. 30 మి.మీ. లెన్సు వెడల్పు ఎంతో మీకు అంతే కనిపిస్తోంది. `Horizontal` చేస్తే వెడల్పు తిరిగి వస్తుంది, కాకపోతే పైనా కిందా చాలా ఎక్కువ కనిపిస్తుంది. మాక్స్‌లో సెన్సార్ ఎప్పుడూ వెడల్పుకే లెక్క.

శ్రావణి
స్కేల్ సరిచేసి, కెమెరా 1.2 మీటర్ల వెనక్కి, 28 మి.మీ., ఎత్తు 1.1, వంపు లేకుండా, f/8తో రెండర్ చేశాను. తలుపు చట్రాలు నిటారుగా నిలిచాయి, కిటికీ తెర మడతలు కూడా తెలుస్తున్నాయి. f/8 తీసేసి ఫోకస్ లోతు పూర్తిగా ఆపి చూశాను, తేడా కనిపెట్టలేకపోయాను. నిర్మల గారు చెప్పినట్లు గది లోపలే, మూల నుంచి 24తో ఇంకొకటి కూడా చేశాను. అందులో టీవీ యూనిట్ సగమే వచ్చింది, కానీ గదిలోకి అడుగు పెట్టినట్లు ఉంది. రెండూ ఇంటివారికి పంపుతున్నాను.

పాతలెన్సు
28 దగ్గర f/8, ఫోకస్ 4 మీటర్లలో ఉంటే 1.8 మీటర్ల నుంచి చివరిదాకా స్పష్టమే. అందుకే తేడా తెలియలేదు. గది మొత్తం చూపే బొమ్మలో దాన్ని ఆపేయవచ్చు, నాయిస్ కూడా కాస్త తగ్గుతుంది. మసక కావాలంటే సోఫా మూలకు 50తో, f/2.8తో విడిగా ఒకటి చేయండి. అక్కడ దానికి పని ఉంటుంది.

నిర్మల ఆర్కిటెక్ట్
రెండింటినీ పంపేటప్పుడు ప్లాన్ మీద కెమెరా ఎక్కడ ఉందో గుర్తు పెట్టి పంపండి శ్రావణి గారూ. గోడ అవతల ఉన్నదని వాళ్లకు తెలిస్తే నా అభ్యంతరంలో సగం పోతుంది.

ప్రకాష్ వి
ఆ గుర్తు చూసి ఇంటివారు అయోమయపడరా? నాకైతే లెన్సు సంఖ్య, ఎత్తు రాస్తే చాలనిపిస్తోంది.

నిర్మల ఆర్కిటెక్ట్
28, 1.1 అన్న అంకెలతో వాళ్లకు ఏమీ తెలియదు ప్రకాష్ గారూ. ప్లాన్ మీద చుక్క, చూపు దిక్కుకు ఒక బాణం, అంతే. వాళ్లు రోజూ నడిచే గది అది, చుక్క ఎక్కడుందో వెంటనే పోల్చుకుంటారు.